సన్నగానే ఉన్నా... లివర్‌లో కొవ్వెందుకు?

కడుపునొప్పి అని వెళ్తే డాక్టర్ స్కానింగ్ రాశారు. లేదంటే ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో భాగంగా తీశారు. రిపోర్టు చివర్లో ఒక లైన్: ‘గ్రేడ్-1 ఫ్యాటీ లివర్’. చూస్తే మీరేమో సన్నగా ఉంటారు. ఇంటికెళ్తే అమ్మ ‘ఇంకో ముద్ద తిను, గాలికి ఎగిరిపోయేలా ఉన్నావ్’ అంటుంది. రిపోర్టు మారిపోయిందేమో అని పేరు, వయసు రెండోసారి చూసుకుంటారు.

మారలేదు. సన్నగా ఉన్నవాళ్లలోనూ ఫ్యాటీ లివర్ వస్తుంది. మన దేశంలో అదేమీ వింత కాదు కూడా. అయితే ఆ ఒక్క లైన్ చూసి కంగారుపడటం ఎంత తప్పో, ‘గ్రేడ్-1 అందరికీ ఉంటుందిలే’ అని ఫోన్‌లో ఫొటో తీసి మర్చిపోవడమూ అంతే తప్పు. ఆ లైన్ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు మూడే. కొవ్వు ఎందుకు చేరింది? లివర్‌లో మచ్చ మొదలైందా? ఎంత తగ్గితే కొవ్వు పోతుంది? వరుసగా చూద్దాం.

స్కానింగ్ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు?

కొవ్వు చేరిన లివర్ అల్ట్రాసౌండ్ తెరమీద మామూలు కంటే తెల్లగా మెరుస్తుంది. రేడియాలజిస్టు దాన్ని పక్కనే ఉన్న కుడి కిడ్నీతో పోల్చి చూస్తారు. కిడ్నీ కంటే కాస్త తెల్లగా ఉంటే గ్రేడ్-1. లివర్‌లోని రక్తనాళాల అంచులు మసకబారితే గ్రేడ్-2. లివర్ వెనక భాగం, దాన్ని ఆనుకున్న డయాఫ్రమ్ కూడా సరిగ్గా కనిపించకపోతే గ్రేడ్-3.

అంటే ఇది కంటితో వేసే అంచనా. ఒకే మనిషికి ఈ వారం ఒక సెంటర్‌లో గ్రేడ్-1, వచ్చే వారం ఇంకో సెంటర్‌లో గ్రేడ్-2 రావచ్చు. ఆ తేడా మిషన్‌దీ కావచ్చు, చూసినవారిదీ కావచ్చు. కాబట్టి ఆరు నెలల్లో ఒక గ్రేడ్ పెరిగిందనో తగ్గిందనో దాన్నొక్కదాన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు.

ఇంకో సంగతి. లివర్‌లో కొవ్వు 5 శాతం దాటితేనే ఎక్కువ ఉన్నట్టు లెక్క. కానీ అల్ట్రాసౌండ్ నమ్మకంగా పట్టుకునేది అది దాదాపు 20 శాతం దాటాకే. కాబట్టి స్కానింగ్‌లో కనిపించిందంటే, అది నిన్న రాత్రి తిన్న బిర్యానీ వల్ల వచ్చింది కాదు. నెలలు, ఏళ్ల తరబడి చేరింది.

అసలు ముఖ్యమైంది ఏంటంటే, గ్రేడ్ అనేది కొవ్వు ఎంత ఉందో చెప్పే మాట. లివర్ ఎంత దెబ్బతిందో చెప్పే మాట కాదు. దెబ్బతిన్న చోట లివర్ గట్టిపడి మచ్చ పడుతుంది. డాక్టర్లు దాన్ని ఫైబ్రోసిస్ అంటారు. తొలి దశల్లో అది మామూలు స్కానింగ్‌లో కనిపించదు. గ్రేడ్-3 ఉన్నా మచ్చ లేనివాళ్లు ఉంటారు. గ్రేడ్-1 ఉండి మచ్చ మొదలైనవాళ్లూ ఉంటారు.

బరువు సరిపోయింది, గోడౌన్ సరిపోలేదు

సన్నగా ఉన్నవాళ్లలో కొవ్వెందుకు చేరుతుందో అర్థం కావాలంటే ఒక ఫొటో గురించి చెప్పుకోవాలి. 2004లో ‘లాన్సెట్’ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు పరిశోధకులు తమ ఫొటోనే అచ్చువేయించారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ సరిగ్గా ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. కానీ శరీరంలో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బీఎంఐ ఒకటే, కొవ్వు రెట్టింపు! పైకి సన్నం, లోపల కొవ్వు అనే మన భారతీయుల ఒంటితీరుకు ఆ ఫొటో ఒక గుర్తుగా మిగిలిపోయింది.

చర్మం కింద ఉండే కొవ్వును ఒక గోడౌన్ అనుకోండి. తిన్నదాంట్లో మిగిలింది అక్కడ సర్దుకున్నంతవరకు పెద్దగా హాని లేదు. కొంతమందికి ఆ గోడౌన్ పెద్దది. వాళ్లు లావెక్కుతారు కానీ లివర్ చాలాకాలం బాగానే ఉండొచ్చు. మనలో చాలామందికి గోడౌన్ చిన్నది. త్వరగా నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చిన సరుకును వరండాలో దించినట్టు, కొవ్వు పొట్ట లోపల పేగుల చుట్టూ, లివర్‌లో, కండరాల్లో చేరుతుంది. దీనికి తోడు కండ తక్కువ. తిన్న అన్నంలోంచి వచ్చే గ్లూకోజును ఎక్కువగా దాచుకునేది కండే. అది తక్కువైతే మిగిలిన గ్లూకోజు లివర్ మీద పడుతుంది. లివర్ దాన్ని కొవ్వుగా మార్చేస్తుంది.

అందుకే ‘నేను నూనె పెద్దగా తిననే, నెయ్యి ముట్టనే’ అన్నంత మాత్రాన సరిపోదు. లివర్‌లోని కొవ్వులో ఎక్కువ భాగం నిండిపోయిన గోడౌన్ నుంచి రక్తంలోకి వచ్చి చేరేదే. ఆ తర్వాతి వాటా, అన్నం, పంచదార, తీపి పానీయాల నుంచి లివర్ స్వయంగా తయారు చేసుకునేది. నేరుగా నూనె, నెయ్యి నుంచి వచ్చేది వీటికంటే తక్కువ.

జన్యువుల పాత్రా ఉంది. ‘పీఎన్‌పీఎల్‌ఏ3’ అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు లివర్‌లో కొవ్వు తేలిగ్గా చేరుతుంది, మచ్చ పడే ముప్పూ ఎక్కువే. దీనికి టెస్టు చేయించుకోవాల్సిన అవసరం మామూలుగా రాదు. ఇంట్లో ఎవరికైనా షుగర్, లివర్ సిర్రోసిస్ ఉందా అన్నది డాక్టర్‌కు చెబితే చాలు.

మొదటి ప్రశ్న: ఎందుకు చేరింది?

ముందు ఒక టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి వదిలాక కొలవండి. ప్యాంటు సైజు చూసి చెప్పొద్దు. మనం ప్యాంటును పొట్ట కిందకు దించి వేసుకుంటాం, అది ఎప్పుడూ తక్కువే చెబుతుంది. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు గీత. అది దాటితే బరువు ఎంతున్నా లోపల కొవ్వు ఉన్నట్టే అనుకోవాలి. బీఎంఐలోనూ మన గీత వేరు. 25 కాదు, 23 దగ్గరే ఆపాలి.

తర్వాత రక్త పరీక్షలు. పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్, లివర్ ఫంక్షన్ టెస్టు, ప్లేట్‌లెట్ల సంఖ్య తెలిసే సీబీపీ, థైరాయిడ్, హెపటైటిస్-బీ, సీ. వీటితోపాటు బీపీ. పరగడుపు షుగర్ 100 లేదా హెచ్‌బీఏ1సీ 5.7కి చేరినా, ట్రైగ్లిజరైడ్లు 150కి చేరినా, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40, ఆడవాళ్లలో 50 లేదా అంతకంటే తక్కువున్నా, బీపీ 130/85కి చేరినా, నడుము గీత దాటినా, వీటిలో ఒక్కటి ఉన్నా చాలు. కొవ్వుకు కారణం మెటబాలిజం గాడి తప్పడమే అని డాక్టర్లు ఒక నిర్ణయానికి వస్తారు. 2023 నుంచి దీని పేరు కూడా మారింది. రిపోర్టులో ‘ఎంఏఎస్‌ఎల్‌డీ’ అని కనిపిస్తే అది కొత్త జబ్బు కాదు, ఈ ఫ్యాటీ లివర్‌కే కొత్త పేరు.

మందు తాగే అలవాటుంటే డాక్టర్ దగ్గర లెక్క దాచొద్దు. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో దాదాపు 25 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. స్ట్రాంగ్ బీరైతే ఇంకా ఎక్కువ. మగవాళ్లలో వారానికి 210 గ్రాములు, ఆడవాళ్లలో 140 గ్రాములు దాటితే ఆల్కహాల్‌ను కూడా కారణంగా లెక్కేస్తారు. ఇది జబ్బుకు పేరు పెట్టడానికి గీసిన గీత మాత్రమే. అంతవరకు తాగొచ్చని అర్థం కాదు.

ఇక నడుము, షుగర్, లిపిడ్లు, బీపీ అన్నీ బాగుండి, మందు అలవాటూ లేకుండా ఫ్యాటీ లివర్ కనిపిస్తే? సన్నగా ఉన్నవాళ్లలో అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, టామాక్సిఫెన్ లాంటి మందులు కారణమా అని చూడాలి. కొద్దికాలంలో బాగా బరువు తగ్గడం, హెపటైటిస్-సీ, గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా కారణం కావచ్చు. వయసు 40 లోపు ఉండి లివర్ ఎంజైములు పెరిగితే విల్సన్ జబ్బును గుర్తుపెట్టుకోవాలి. ఒంట్లో రాగి పేరుకుపోయే ఈ జబ్బును ముందే పట్టుకుంటే మందులతో అదుపులో ఉంచొచ్చు. దీనికి సెరులోప్లాస్మిన్ అనే రక్త పరీక్షతో మొదలుపెడతారు. నెలసరి సరిగ్గా రాని అమ్మాయిల్లో పీసీఓఎస్ ఉందేమో చూడాలి.

ఒక లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు ఒకబ్బాయిని తీసుకుందాం. పేరు కిరణ్ అనుకోండి. వయసు 28. కూకట్‌పల్లిలో రూమ్, కంప్యూటర్ ముందు ఉద్యోగం. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. బీఎంఐ 22. అంతా ‘పర్ఫెక్ట్’ అంటారు. కానీ నడుము 91 సెంటీమీటర్లు. చేతులు, కాళ్లు సన్నం, పొట్ట మాత్రం కాస్త ముందుకు. ట్రైగ్లిజరైడ్లు 212, హెచ్‌డీఎల్ 36, హెచ్‌బీఏ1సీ 5.8. మందు తాగడు. హెపటైటిస్ పరీక్షలు నెగెటివ్. ఎస్‌జీపీటీ 58, ఎస్‌జీఓటీ 36, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు.

మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. నడుము, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, హెచ్‌బీఏ1సీ, నాలుగూ గీత దాటాయి. బీఎంఐ ఒక్కటే అతన్ని ‘సన్నం’ అంటోంది.

ఇక రెండో ప్రశ్న, మచ్చ ఉందా? దీనికి ‘ఫిబ్-4’ అనే లెక్క ఉంది. కొత్తగా టెస్టేమీ అక్కర్లేదు, చేతిలో ఉన్న నంబర్లే చాలు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి: 28 × 36 = 1008. ఎస్‌జీపీటీకి వర్గమూలం తీయాలి: 58కి 7.6. దాన్ని వేలల్లో రాసిన ప్లేట్‌లెట్లతో గుణించాలి: 240 × 7.6 = 1824. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.55. ఇది 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ స్పెషలిస్టు దగ్గరకు వెళ్లాల్సిందే. మధ్యలో ఉంటే ఇంకో పరీక్షతో తేల్చుకోవాలి.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఈ లెక్కలో వయసు కూడా ఒక అంకె కాబట్టి, 35 ఏళ్ల లోపు వాళ్లకు జవాబు తక్కువగానే వస్తుంది. ఆ వయసులో దీన్ని పూర్తిగా నమ్మలేం. అందుకే ఎస్‌జీపీటీ పెరిగి ఉన్న కిరణ్ లాంటివాళ్లకు డాక్టర్లు ఫైబ్రోస్కాన్ రాస్తుంటారు. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. కుడివైపు పక్కటెముకల మధ్య ప్రోబ్ పెట్టి, చిన్నగా తట్టినట్టు కనీసం 10 సార్లు కొలుస్తారు. నొప్పి ఉండదు. లివర్ ఎంత గట్టిపడిందో కిలోపాస్కల్స్‌లో చెబుతుంది. 8 కంటే తక్కువైతే మచ్చ ముదరలేదని భరోసా. తినేసి వెళ్లినా, ఎంజైములు బాగా పెరిగి ఉన్నప్పుడు తీసినా అంకె ఎక్కువగా రావచ్చు. కాబట్టి పెద్ద అంకె చూడగానే బెంబేలెత్తకుండా డాక్టర్‌తో మాట్లాడి మళ్లీ తీయించుకోవాలి. కిరణ్‌కు 5.4 వచ్చిందనుకుందాం. కొవ్వుంది, ముదిరిన మచ్చ లేదు.

ఎస్‌జీపీటీ గురించి ఇంకో మాట. చాలా ల్యాబులు 40 వరకు నార్మల్ అని వేస్తాయి. నిజానికి ఆరోగ్యవంతుల్లో అది మగవాళ్లకు 33, ఆడవాళ్లకు 25 లోపే ఉంటుంది. పైగా ఎస్‌జీపీటీ పూర్తి నార్మల్‌గా ఉండి కూడా లివర్‌లో కొవ్వు, మచ్చ ఉండొచ్చు. కాబట్టి ఆ పక్కన స్టార్ గుర్తు లేదని ఫైలు మూసేయకూడదు.

మూడో ప్రశ్న: ఎంత తగ్గాలి?

సన్నగా ఉన్నవాళ్లకు వచ్చే పెద్ద సందేహం ఇదే. ‘నేనింకేం తగ్గాలి?’ హాంకాంగ్‌లో జరిగి 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో దీనికి మంచి జవాబుంది. బరువు ఎక్కువున్నవాళ్లలో సగం మందికి లివర్ కొవ్వు మామూలు స్థాయికి రావాలంటే ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గాల్సి వచ్చింది. బీఎంఐ 25 లోపు ఉన్నవాళ్లలో సగం మందికి 3 నుంచి 5 శాతమే సరిపోయింది. కిరణ్‌కు లెక్కేస్తే అది రెండు నుంచి మూడు కిలోలు. అంతే. అదీ ఆరు నెలల్లో.

అది ఎక్కడ తగ్గాలి అన్నదే అసలు విషయం. పూటలు మానేసి, జ్యూసుల మీద బతికి నెలలో మూడు కిలోలు తగ్గితే పోయేది చాలావరకు కండే. మరీ వేగంగా తగ్గితే లివర్‌కు హాని కూడా. బీఎంఐ 18.5 దగ్గర్లో ఉన్నవాళ్లు బరువు తగ్గే ప్రయత్నమే చేయకూడదు. వాళ్ల పని కండ పెంచడం, కారణం వెతకడం.

కిరణ్ రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. పొద్దున టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్లేటు నిండా అన్నం, పక్కన రెండు చెంచాల కూర. రాత్రి పదకొండింటికి ఆర్డర్ పెట్టిన ఫ్రైడ్‌రైస్, కూల్‌డ్రింక్. మధ్యలో నాలుగు టీలు. టీకి రెండు స్పూన్ల చొప్పున పంచదారే 30 గ్రాములు దాటుతుంది. కూల్‌డ్రింక్‌లో ప్రతి 100 మిల్లీలీటర్లకు పదేసి గ్రాములు. మొదట కోయాల్సింది ఇక్కడే. తీపి పానీయాలు పూర్తిగా బంద్, ప్యాకెట్ జ్యూసులు కూడా. టీలు రెండుకు దించి పంచదార తగ్గించుకుంటూ రావాలి. బ్లాక్ కాఫీ అలవాటుంటే మానక్కర్లేదు. కాఫీ తాగేవాళ్లలో లివర్ మచ్చ తక్కువగా కనిపిస్తోంది.

తర్వాత ప్లేటు. అన్నం మానేయమని ఎవరూ అనరు, కూరకూ అన్నానికీ ఉన్న నిష్పత్తి తిరగేయాలి. సగం ప్లేటు కూర, ఆకుకూర. పావు ప్లేటు పప్పు, గుడ్లు, చేప, చికెన్, పెరుగు, శనగల్లాంటి ప్రొటీన్. మిగిలిన పావులో అన్నం లేదా జొన్నరొట్టె. పొద్దున బిస్కెట్ల బదులు రెండు గుడ్లు లేదా పెసరట్టు. రాత్రి భోజనం తొమ్మిదికల్లా అయిపోతే రాత్రి ఆర్డర్ పెట్టే పనే ఉండదు.

మూడోది కదలిక. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవాలి. దాంతోపాటు వారానికి రెండు మూడు రోజులు కండకు పని చెప్పాలి. గుంజీలు, పుషప్స్, డంబెల్స్, జిమ్ ఏదైనా సరే. బరువు తగ్గకపోయినా వ్యాయామం వల్ల లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. సన్నగా ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. గ్లూకోజును దాచుకునే చోటు పెరిగేది కండతోనే.

ఇక ‘లివర్ డిటాక్స్’ పొడులు, కషాయాలు, టానిక్కుల జోలికి వెళ్లొద్దు. లివర్‌లోని కొవ్వును కడిగేసే పొడి ఏదీ లేదు. పైగా తిప్పతీగ, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ మాత్రలు వాడి లివర్ దెబ్బతిన్న కేసులు డాక్టర్లు నమోదు చేశారు. ఏదైనా వాడుతుంటే ఆ డబ్బా తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.

తగ్గుతోందని ఎలా తెలుస్తుంది?

నెలకోసారి బరువు, నడుము రెండూ రాసుకోవాలి. ఆరు నెలలకు కిరణ్ బరువు 60, నడుము 86 అయితే దారి సరైనదే. బరువు 59కి వచ్చినా నడుము 91 దగ్గరే ఉంటే పోయింది కొవ్వు కాదు, కండ. అప్పుడు ప్రొటీన్, వ్యాయామం పెంచాలి కానీ తిండి ఇంకా తగ్గించకూడదు. బరువు 62 దగ్గరే ఉండి నడుము 87కి వస్తే అది ఓటమి కాదు. కొవ్వు పోయి కండ వచ్చింది.

ఎస్‌జీపీటీ, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌బీఏ1సీ మూడు నుంచి ఆరు నెలలకు మళ్లీ చూడాలి. స్కానింగ్‌కు తొందర లేదు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు తీయిస్తే చాలు. కిరణ్‌లా షుగర్ గీత మీద ఉన్నవాళ్లు, రెండు మూడు ముప్పులు కలిసి ఉన్నవాళ్లు మచ్చ పరీక్షను ఏడాది, రెండేళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి. ఆరు నెలలు నిజంగా పాటించినా ఎస్‌జీపీటీ దిగకపోతే మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్లాలి. కారణం ఇంకోటి ఉందేమో వెతకాలి.

కళ్లు పచ్చబడినా, కాళ్లు లేదా పొట్ట ఉబ్బినా, రక్తపు వాంతి అయినా, ప్లేట్‌లెట్లు 1.5 లక్షల కంటే తగ్గినా, స్కానింగ్‌లో ప్లీహం పెరిగిందనో లివర్ అంచు గరుకుగా ఉందనో రాసినా ఆరు నెలలు ఆగకండి. రక్తపు వాంతి అయితే నేరుగా ఎమర్జెన్సీకి, మిగతావాటికి వెంటనే లివర్ స్పెషలిస్టు దగ్గరకు వెళ్లాలి.

సన్నగా ఉన్నవాళ్లకు ఈ జబ్బు ముదరదనే మాట నిజం కాదు. వాళ్లలోనూ మచ్చ పడుతుంది. అంతకంటే ముందే షుగర్, గుండె జబ్బు వచ్చే ముప్పు ఉంటుంది. కిరణ్ లివర్‌లోని కొవ్వు, అతని 5.8 హెచ్‌బీఏ1సీ వేర్వేరు సమస్యలు కావు, ఒకే గోడౌన్ నిండిన గుర్తులు. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు స్కానింగ్ ఫిల్మ్ ఒక్కటే కాదు. నడుము కొలత, బరువు, వాడే మందుల పేర్లు, ఇంట్లో ఎవరికి షుగర్ ఉందో, వారానికి ఎంత తాగుతారో ఫోన్‌లో నోట్ చేసుకుని వెళ్లండి. డాక్టర్‌ను ‘నాకు ఏ గ్రేడ్?’ అని అడగడం కంటే ‘నాకు కారణం ఏంటి? మచ్చ ఉందా?’ అని అడగండి. మీకు చికిత్స ఏంటో తేలేది ఆ రెండింటితోనే.